చిన్న విలువలకు ఆగి, పెద్ద విలువలకు పేలిపోయే సిస్టమ్: బ్యాక్‌స్టెపింగ్‌తో నా అనుభవం

నా సిస్టమ్ ఇది: `x1' = x1² + x2`, `x2' = u`. `u = -2x1 - 3x2` పెడితే x1 0.2 దగ్గర మొదలైనప్పుడు చక్కగా సున్నాకి వచ్చేది, 2 దగ్గర మొదలైతే అర సెకను దాటగానే అనంతానికి పోయేది. గెయిన్లు పెంచాను, సిమ్యులేషన్ స్టెప్ తగ్గించాను, లాభం లేదు.

చివరికి పనిచేసింది బ్యాక్‌స్టెపింగ్, అంటే కంట్రోల్‌ని ఒక్కో సమీకరణానికి మెట్టుమెట్టుగా కట్టుకుంటూ u దాకా రావడం. ముందు x2 నే మన చేతిలోని ఇన్‌పుట్ అనుకున్నాను. అప్పుడు x1 ని ఆపాలంటే x2 కి ఉండాల్సిన విలువ `α = -x1² - x1`. ఇదే వర్చువల్ కంట్రోల్. నిజమైన x2 దీనికి ఎంత దూరంలో ఉందో అది `z = x2 - α`. అప్పుడు `x1' = -x1 + z` అవుతుంది. ఇక రెంటికీ కలిపి ఒకే శక్తిలాంటి ఫంక్షన్ రాశాను: `V = ½x1² + ½z²`. దీన్ని డెరివేటివ్ చేస్తే `x1·z` అనే పదం మిగులుతుంది, దాన్ని u లోని `-x1` తీసేస్తుంది:

```
u = -x1 - z - (2x1 + 1)(x1² + x2)
```

చివరి పదం α డెరివేటివ్. నేను చాలాసార్లు తప్పింది ఇక్కడే: α కూడా x1 తో పాటు కదులుతుంది కాబట్టి దాన్ని వదలకూడదు.

ఇప్పుడు `V' = -x1² - z² = -2V`. (2, 0) నుంచి మొదలుపెడితే V 20, ఒక సెకనుకి 2.7 కి రావాలి. మీ ప్లాట్‌లో అలా రాకపోతే α డెరివేటివ్‌నే ముందు చూడండి.

అయితే మొదటి క్షణంలోనే u -28 అడుగుతుంది. u ని ఇచ్చే మోటార్ అంత ఇవ్వలేకపోతే ఈ హామీ ఉండదు. x1² గుణకం కచ్చితంగా తెలియకపోయినా అంతే, నేను ఆ కేసు ప్రయత్నించలేదు.