ఆటల పోటీల రోజున పీఈటీ వీడ్కోలు ప్రసంగం: ఎలా సిద్ధం కావాలి?

మైదానంలో వీడ్కోలు చెప్పడం హాల్లో చెప్పినట్టు ఉండదు. పిల్లలు పొద్దున్నుంచి పరిగెత్తి అలిసిపోయి ఉంటారు. పైన ఎండ, మైకులో గాలి హోరు. అందుకే ముందు సమయం ఖాయం చేసుకోండి. బహుమతులు ఇచ్చేశాక మాట్లాడదామంటే పిల్లల చూపంతా చేతిలోని కప్పుల మీదే ఉంటుంది. చివరి పోటీ అయ్యాక, బహుమతులకు ముందు, ఒక నాలుగు నిమిషాలు అడగండి. అందరినీ కూర్చోబెట్టాకే మొదలుపెట్టండి.

ఇక విషయం. ఏ ఏడాది ఉద్యోగంలో చేరారు, ఎన్ని కప్పులు తెచ్చారు అన్న లెక్కలు పిల్లలకు పట్టవు. అవి స్టాఫ్ రూమ్ సన్మానంలో చెప్పుకోవచ్చు. ఇక్కడ ఒక్క సంఘటన చాలు. అది ఓడిపోయిన జట్టుదైతే ఇంకా మంచిది, ఎందుకంటే మీ ఎదురుగా కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ రోజు పతకం రాలేదు.

ఉదాహరణకు రిలేలో బ్యాటన్ పడిపోయిన సంగతి చెప్పాలనుకుందాం. “ఆ అమ్మాయి పట్టుదల చూసి గర్వపడ్డాను” అంటే ఎవరికీ ఏమీ కనిపించదు. జరిగింది జరిగినట్టు చెప్పండి: “మూడో అమ్మాయి చేతిలోంచి బ్యాటన్ జారి పక్క లేన్‌లోకి దొర్లింది. ఎవరి చేతిలోంచి పడితే వాళ్లే తీయాలి, అది రూలు. తను ఆగింది, ఎవరికీ అడ్డం రాకుండా చూసుకుని బ్యాటన్ తీసింది, మళ్లీ తన లేన్‌లోకి వచ్చి పరుగందుకుంది. మిగతా జట్లన్నీ అప్పటికే గీత దాటేశాయి. అయినా నాలుగో అమ్మాయి నడవలేదు, పరిగెత్తింది. తను వచ్చేదాకా నేను స్టాప్‌వాచ్ ఆపలేదు.” ఇక్కడ ఆపేయండి. దీని అర్థం మీరు విప్పి చెప్పక్కర్లేదు. ఆ అమ్మాయి ఇంకా స్కూల్లోనే ఉంటే ముందుగా అడిగి, తను సరేనంటేనే చెప్పండి. పేరు మాత్రం వద్దు.

రాసుకున్నది ఖాళీ మైదానంలో ఒకసారి గట్టిగా చదవండి, చివరి వరుస ఉండే చోట ఎవరినైనా నిలబెట్టి వినమనండి. నాలుగు నిమిషాలు దాటితే సంఘటన జోలికి పోకుండా కృతజ్ఞతలు తగ్గించండి. వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒక్క వాక్యం చాలు. పొద్దున్నే ట్రాక్‌కు గీతలు వేసినవాళ్ల పేర్లు మాత్రం తప్పకుండా చెప్పండి.

గ్రౌండ్‌లో కేకేసి అలవాటైన గొంతు మనది. మైకులో అలా అరిస్తే మాట పగిలిపోతుంది. గాలికి వీపు పెట్టి, మైకును నోటికి పిడికెడు దూరంలో పట్టుకుని మామూలుగా మాట్లాడండి. స్పీకర్ల నుంచి మాట తిరిగొస్తుంటే, ప్రతి వాక్యం తర్వాత అది అణిగేదాకా ఆగండి.

చివర్లో గొంతు పూడుకుపోవచ్చు. అందుకని ఆఖరి మూడు వాక్యాలు కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి జేబులో పెట్టుకోండి. అవి పనికి సంబంధించినవైతే పలకడం తేలిక: రేపటి ప్రాక్టీస్ ఎన్నింటికి, ఎవరి దగ్గర రిపోర్ట్ చేయాలి, ఆట సామాన్ల గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది. కొత్త టీచర్ వచ్చి ఉంటే పక్కన నిలబెట్టి, మైకు వారి చేతికే ఇవ్వండి.