కోపానికి పేరు పెట్టించడం ఎలా? పిల్లలతో వేషాల ఆట, మాటల వలయం

ఆటలో అవుటైనా, అమ్మ ఫోన్ లాక్కున్నా, తోటివాళ్లు వెక్కిరించినా కొందరు పిల్లలు చేసేది ఒకటే. కొడతారు, విసిరేస్తారు, లేదా మూతి బిగించుకుని కూర్చుంటారు. ఏమైందని అడిగితే ‘ఏం లేదు’ అంటారు. నిజానికి అవుటైనప్పుడు వచ్చింది ఉక్రోషం, ఫోన్ పోయినప్పుడు చిరాకు, వెక్కిరిస్తే రోషం. ఈ తేడా పట్టించడానికే ఈ ఆట. 6 నుంచి 10 ఏళ్ల పిల్లలకు బాగా కుదురుతుంది. ఆరుగురు నుంచి ఎనిమిది మంది ఉంటే చాలు, అరగంట పడుతుంది.

ముందు పోస్టుకార్డు సైజులో 10 అట్టముక్కలు కోసుకోండి. నాలుగింటి మీద చిరాకు, ఉక్రోషం, రోషం, అలక అని, మిగతా ఆరింటి మీద సంతోషం, భయం, సిగ్గు, దిగులు, ఆశ్చర్యం, గర్వం అని రాయండి. వెనకవైపు ఒక్కో సందర్భం ఉండాలి. ఉక్రోషానికి ‘కబడ్డీలో నువ్వు తగలకపోయినా అవుటన్నారు, నీ మాట ఎవరూ వినలేదు’. రోషానికి ‘నీకు చదవడం రాదులే అని అందరి ముందూ అన్నారు’. అలకకు ‘అలిపిరి బస్సులో కిటికీ సీటు తమ్ముడికి ఇచ్చేశారు’. సందర్భం లేకుండా పేరొక్కటే ఇస్తే, నాలుగింటికీ పిడికిలి బిగించి చూపిస్తారు.

తిరుపతి పిల్లలకు మూగాభినయం అని వివరించనక్కర్లేదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో రోజుకో వేషం చూసినవాళ్లే కనుక ‘వేషం కట్టు’ అంటే చాలు. ఒకరు కార్డు తీసి, 30 సెకన్లు మాటా చప్పుడూ లేకుండా నటించాలి. ఎవరినీ తాకకూడదు. మిగతావాళ్లు కనిపెట్టాలి. కోపం కార్డులను పక్కన పెట్టుకుని, మూడు వేషాలు అయ్యాకే కలపండి. మొదటే వాటితో దిగితే నవ్వులు, తోపులాటలు మొదలై ఆట నిజం గొడవలోకి దిగుతుంది.

ఎవరైనా పేరు చెప్పగానే ‘ఎక్కడ చూసి కనిపెట్టావు?’ అని అడగండి. పళ్లు బిగించాడు, భుజాలు లేచాయి, చూపు తిప్పుకున్నాడు అని వాళ్లే చెబుతారు. ఒకరు ఉక్రోషం, ఇంకొకరు రోషం అంటే ఎవరినీ తప్పనకండి. వేషం కట్టినవాళ్లనే అడగండి. ఆటలో ఎక్కువ నేర్చుకునేది ఈ వాదులాట దగ్గరే. ప్రతి వంతు చివరా చేతులు విదిలించి ‘వేషం విప్పేశా’ అనిపించడం మరవకండి. ఇది వదిలేస్తే నటించిన కోపం కొందరిలో నిజంగానే మిగిలిపోతుంది.

తర్వాత మాటల వలయం. అందరూ గుండ్రంగా కింద కూర్చోవాలి. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. ఇష్టం లేకపోతే ‘దాటేస్తా’ అని పక్కవాళ్లకు ఇచ్చేయొచ్చు. వాక్యం ఇలా ఉండాలి: ‘ఫలానాది జరిగినప్పుడు నాకు ఫలానాది వచ్చింది, ఒంట్లో ఇలా అనిపించింది.’ ఎంత వచ్చిందో ఒకటి నుంచి ఐదు వేళ్లతో చూపించాలి. మొదట పెద్దవాళ్లు తమ చిన్న విషయం ఒకటి చెప్పాలి. ‘ఎందుకు కోపం వచ్చింది?’ అని మాత్రం అడగకండి. పంచాయితీలో నిలబెట్టినట్టు అనిపించి నోరు మూతపడుతుంది.

మూడో తరగతి పిల్లవాడు ‘కబడ్డీలో కొట్టాలనిపించింది’ అన్నాడనుకోండి. అది చేయాలనుకున్న పని, భావం ఇంకా బయటికి రాలేదు. ‘కొట్టబోయే ముందు ఒంట్లో ఏమైంది?’ అని అడిగితే ‘చెవులు కాలినాయి’ అంటాడు. ఉక్రోషం, రోషం కార్డులు ముందు పెట్టండి. ‘తగల్లేదని చెప్తా ఉంటే ఎవురూ ఇన్లేదు మిస్’ అంటూ ఉక్రోషం మీద వేలు పెడతాడు. నాలుగు వేళ్లు చూపిస్తాడు. అక్కడితో ఆపి బంతి ముందుకు పంపండి. అందరి ముందూ బుద్ధులు చెబితే వచ్చే వారం దాటేస్తాడు. ఆ తర్వాత విడిగా ఒక ఒప్పందం చేసుకోండి: రెండు మూడు వేళ్ల దగ్గరే ‘నాకు ఉక్రోషంగా ఉంది’ అని చెప్పి కుళాయి దాకా వెళ్లిరావాలి. ఐదుకు చేరాక పేరు అడిగినా లాభం లేదు. ముందు ఎవరికీ దెబ్బ తగలకుండా చూసి, చల్లబడ్డాక మాట్లాడండి.

దిండును గుద్దించి కోపం పోగొట్టే పద్ధతిని ఇందులో కలపకండి. 2002లో అమెరికాలో కాలేజీ విద్యార్థులపై చేసిన ప్రయోగంలో, కోపం తెప్పించిన మనిషిని తలుచుకుంటూ సంచిని గుద్దినవాళ్లకు, ఊరికే కూర్చున్నవాళ్లకంటే ఎక్కువ కోపం మిగిలింది.

వారానికి రెండుసార్లు ఆడించండి. ముఖాలు చదవడం కష్టమైన పిల్లలకు, ముఖ్యంగా ఆటిజం ఉన్నవారికి, నటన బదులు ‘చెవులు వేడి’, ‘పిడికిలి గట్టి’ లాంటి బొమ్మలు ఇవ్వండి. పిల్లలెవరైనా తమను తాము గాయపరచుకుంటున్నా, జంతువులను హింసిస్తున్నా ఈ ఆట సరిపోదు, పిల్లల మానసిక నిపుణులకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వలయంలో ఇంట్లో దెబ్బలు తింటున్నట్టు చెబితే అక్కడ వివరాలు గుచ్చి అడగకుండా, విడిగా విని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి.