సహోద్యోగి తండ్రి పోయినప్పుడు సందేశం ఎలా రాయాలి?

మా అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయన తండ్రి పోయారు. అదే సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు వాట్సాప్‌లో పంపే ముందు తన సందేశం నాకు చూపించాడు. మంచి పనే చేశాడు. అందులో ఉన్నది ఇది (పేరు మాత్రం మార్చాను):

"రమణ గారు, మీ నాన్నగారు మరణం గురించి తెలిసి షాక్ అయ్యాను. ఆయన చాలా మంచివాడు. వయసు కూడా అయిపోయింది కదా, బాధపడకండి. ఆయన ఆత్మకు శాంతి చేకూర్చాలని ప్రార్థిస్తూ మీకు మరియు మీ కుటుంబానికి శ్రద్దాంజలి. ఏమైనా కావాలంటే చెప్పండి."

మనసు మంచిదే. మాటలే తడబడ్డాయి.

మొదట తప్పకుండా దిద్దాల్సింది చివర్లో ఉన్న శ్రద్ధాంజలి. అది పోయినవాళ్లకు అర్పించేది. బతికున్న రమణ గారికీ ఆయన ఇంట్లోవాళ్లకూ శ్రద్ధాంజలి ఘటిస్తే ఎలా? వాళ్లకు చెప్పేది సానుభూతి. నివాళి కూడా పోయినవాళ్లకే. ఇక స్పెల్లింగ్: 'ద్ద' కాదు, 'ద్ధ'. ఫోన్ కీబోర్డు చూపించే మొదటి మాట మీద వేలు పెడితే ఇలాంటివే దొర్లుతాయి. 'ప్రగాఢ' కాస్తా 'ప్రగాడ' అయ్యేది కూడా అక్కడే.

తర్వాత గౌరవం ఎక్కడ జారిందో చూడండి. 'ఆయన' అని మొదలుపెట్టి 'మంచివాడు' అన్నాడు. 'మంచివారు' అనాలి. 'మీ నాన్నగారు చనిపోయాడు' అని రాసేవాళ్లనూ చూశాను, ఆ ఒక్క 'డు' చదివేవాళ్లకు ముల్లులా గుచ్చుకుంటుంది. అలాగే 'నాన్నగారు మరణం' కాదు, 'నాన్నగారి మరణం'. పిలుపులో 'రమణ గారూ' అని దీర్ఘం ఉండాలి. దీర్ఘం లేకపోతే ఆయన్ని పిలిచినట్టు కాదు, ఆయన గురించి ఇంకెవరికో చెబుతున్నట్టు ఉంటుంది.

'శాంతి చేకూర్చాలని ప్రార్థిస్తూ' అన్నచోట చేకూర్చేది ఎవరో లేదు. 'శాంతి చేకూరాలని' అంటే సరిపోతుంది. దేవుణ్ణి ప్రస్తావిస్తే 'చేకూర్చమని దేవుణ్ణి ప్రార్థిస్తున్నాను' అనాలి. అయితే ఆ ఇంటి ఆచారం తెలియనప్పుడు ఆత్మ, సద్గతి, పరమపదం లాంటి మాటలు వదిలేయడమే నయం. ఒక్కో మతంలో ఈ సందర్భంలో అనే మాటలు వేరు. 'మరియు' కూడా తీసేయండి. 'మీకూ మీ ఇంట్లోవాళ్లకూ' అంటే మనిషి మాట్లాడినట్టుంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. 'వయసు అయిపోయింది కదా' అనే మాట ఎంత వయసు పైబడినవాళ్ల విషయంలోనూ రాయకండి. తండ్రికి తొంభై ఏళ్లని కొడుక్కి మీరు గుర్తుచేయక్కర్లేదు. ఆ మాట ఆయనే అంటే వినండి, అంతే. 'బాధపడకండి', 'ధైర్యంగా ఉండండి' కూడా పైకి ఓదార్పులా కనిపించే ఆజ్ఞలు. 'షాక్ అయ్యాను' అంటే మాట మీ మీదకు తిరుగుతుంది. పైగా పెద్దాయన మూడు నెలలుగా మంచంలో ఉన్నారని ఆఫీసంతా తెలుసు.

వీటిని తీసేశాక మిగిలిన ఖాళీలో ఒక జ్ఞాపకం పెట్టమన్నాను. పోయినవాళ్లను మీరు చూసి ఉంటేనే సుమా, లేనిది కల్పించొద్దు. కుర్రాడు కాసేపు ఆలోచించి, రమణ గారి గృహప్రవేశంలో ఆ పెద్దాయన తన విస్తట్లో వద్దన్నా రెండో బొబ్బట్టు వేసిన సంగతి చెప్పాడు. అంతకంటే ఏం కావాలి!

చివరిది సాయం. 'ఏమైనా కావాలంటే చెప్పండి' అంటే అడిగే భారం మళ్లీ ఆయన మీదే పడుతుంది. మీరు చేయగలిగింది ఒకటి చెప్పండి. మా దగ్గర జీఎస్‌టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్‌టీ రిటర్న్ దాఖలు చేయడానికి ప్రతి నెలా 20వ తేదీ గడువు, ఆ పని రమణ గారిదే. ఇలాంటి సందేశంలో ఆఫీసు పని మాట ఎత్తడం మామూలుగా తప్పే కానీ, నెత్తి మీద బరువు దించడానికైతే పర్వాలేదు.

చివరికి పంపింది ఇది:

"రమణ గారూ, మీ నాన్నగారు ఇక లేరని తెలిసి చాలా బాధ కలిగింది. మీ గృహప్రవేశంలో వద్దంటున్నా నా విస్తట్లో రెండో బొబ్బట్టు వేసి, 'కుర్రాడివి, తినాలి' అన్నారు. అది ఇంకా గుర్తుంది. మీకూ మీ ఇంట్లోవాళ్లకూ నా ప్రగాఢ సానుభూతి. 20వ తేదీ రిటర్న్ పని నేను చూసుకుంటాను, దాని గురించి ఆలోచించకండి. ఈ సందేశానికి జవాబు ఇవ్వకపోయినా పర్వాలేదు."

దీన్ని గ్రూపులో కాకుండా విడిగా పంపమన్నాను. వరసగా పడే నలభై దండాల బొమ్మల మధ్య ఇది కనబడదు. నీలం టిక్కులు పడ్డాక జవాబు రాకపోయినా మళ్లీ కదపొద్దు. రమణ గారు పెద్దకర్మ అయ్యాక ఆఫీసుకు వచ్చినప్పుడు జవాబిచ్చారు, అదీ వాట్సాప్‌లో కాదు. కుర్రాడి టేబుల్ దగ్గర ఆగి, "బొబ్బట్టు సంగతి మా అమ్మకు చదివి వినిపించాను" అన్నారు.