గోడౌన్ యార్డు లెక్కలు – 3వ పాఠం: లారీ లోపల ఎంతసేపు ఉంటోంది?

పోయిన పాఠంలో గేటు రిజిస్టర్‌లో లారీ వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ రాయడం చూశాం. ఈసారి లోపలున్న లారీలను లెక్కపెట్టి, ఒక్కో లారీ ఎంతసేపు ఉంటోందో తేలుద్దాం.

ఒక లారీ యార్డులో గంటసేపు ఉంటే దాన్ని ఒక లారీ-గంట అందాం. రోజుకు 48 లారీలు వచ్చి పోయే యార్డు తీసుకోండి. గంటగంటకీ లెక్కపెడితే సగటున 11 లారీలు లోపల ఉన్నాయి. అంటే 24 గంటల్లో 264 లారీ-గంటలు. వీటిని ఆ 48 లారీలే ఖర్చు చేశాయి కాబట్టి తలా 5.5 గంటలు. ఇదే లిటిల్ సూత్రం. 1961లో జాన్ లిటిల్ దీనికి రుజువు చూపించారు.

```
L = λ × W
11 = 2 × 5.5
```

L లోపలున్న సగటు లారీలు, λ గంటకు వచ్చి పోయేవి, W ఒక్కోటి ఉండే సమయం. λ గంటల్లో ఉంటే W కూడా గంటల్లోనే వస్తుంది.

ఇప్పుడు ఇదే సూత్రాన్ని డాకుల వరకే వాడండి. హమాలీలు లారీ దించడానికి 1.5 గంటలు పడుతుందనుకుందాం. 2 × 1.5 = 3, అంటే సగటున మూడు లారీలే డాకుల దగ్గర ఉన్నాయి. మిగతా ఎనిమిదీ కాటా దగ్గరో, కాగితాల కోసమో, డాకు ఖాళీ కోసమో ఆగి ఉన్నాయి. డ్రైవర్ గడిపిన 5.5 గంటల్లో 4 గంటలు ఎదురుచూపే! పార్కింగ్ జాగా పెంచితే ఈ 4 గంటలు తగ్గవు. ఆ ఎనిమిదీ ఎక్కడ ఆగుతున్నాయో వెళ్లి చూడాల్సిందే.

మొదట్లో నేను పొద్దున పదింటికి ఒక్కసారే లెక్కపెట్టేవాణ్ని. అది రద్దీ టైమ్, 18 కనిపించేవి. దాంతో 9 గంటలని తప్పు లెక్క పైకి పంపాను. రాత్రి లెక్క కూడా కలిస్తేనే సగటు. వచ్చిన జవాబును రిజిస్టర్‌లోని టైమ్‌ల తేడాతో పోల్చండి. బాగా తేడా ఉంటే చాలాసార్లు కారణం ఒకటే: బయటికి వెళ్లిన టైమ్ రాయకుండా వదిలేసిన వరుసలు.

సరుకుకూ ఇదే లెక్క. లోపల సగటున 6,000 బస్తాలు, రోజుకు 500 బయటికి పోతే బస్తా 12 రోజులు ఉన్నట్టు. అయితే వచ్చేది, పోయేది దాదాపు సమానంగా ఉండాలి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో సీజన్‌లో మిర్చి టిక్కీలు వచ్చి చేరుతూనే ఉంటాయి, బయటికి వెళ్లేవి తక్కువ. ఆ ఒక్క నెల అంకెలతో లెక్క వేస్తే జవాబు తప్పుతుంది. నిండడం నుంచి ఖాళీ అవడం దాకా మొత్తం కాలం తీసుకోండి.

వచ్చే పాఠానికి మీ యార్డులో ఒక వారం గంటగంటకీ లెక్కపెట్టి ఉంచండి. ఆగిన లారీలను కాటా, కాగితాలు, డాకు అని మూడు వరుసలుగా విడివిడిగా రాయండి.