రిఫండ్ కోసం నంబరు బయట వెతకొద్దు

పోయిన వారం మన గ్రూపులోనే ఒకావిడ ఖాతా ఖాళీ అయింది. ఎవరా అని పక్కవాళ్ల ముఖాలు చూడకండి, పేరు చెప్పను. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఆవిడకీ తెలుసు, చెప్పలేదు కూడా.

ఆన్‌లైన్‌లో కొన్న మిక్సీ పని చేయలేదని వెనక్కి పంపారు. వారమైనా డబ్బు పడలేదు. ఆ టెన్షన్‌లో ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనిపించినదానికి ఫోన్ చేశారు. అవతలివాడు ఎంతో మర్యాదగా మాట్లాడి, రిఫండ్ ఆగిపోయింది, నేను సరిచేస్తానంటూ ఒక యాప్ వేయించాడు. దాంతో ఆవిడ ఫోన్‌లో కనిపించేదంతా వాడికీ కనిపించింది. డబ్బు జమ కావాలంటే పిన్ కొట్టమన్నాడు, కొట్టారు. వచ్చిన ఓటీపీ వాడే చదువుకున్నాడు.

తప్పు ఎక్కడ జరిగింది? పిన్ దగ్గర కాదు, అంతకుముందే. నంబరు బయట వెతికినప్పుడే. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఏ నంబరైనా పెట్టొచ్చు, డబ్బు కట్టి ప్రకటనగా పైకి తెచ్చుకోవచ్చు. ఏ యాప్‌లో ఆర్డర్ పెట్టారో సహాయం కూడా అందులోనే అడగండి. నంబరు బయట వెతకొద్దు.

ఇంకో మాట. మామూలుగా రిఫండ్, డబ్బు వెళ్లిన దారినే తిరిగి వస్తుంది. వస్తువు వచ్చాక నగదు ఇచ్చి ఉంటే ఖాతా నంబరు అడుగుతారు, అదీ యాప్‌లోనే ఇవ్వాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ డబ్బు బయటికి పోతున్నట్టే.

చిరునామా పేరుతోనూ ఇదే ఆట ఆడతారు. "అడ్రస్ సరిగా లేదు, పార్సిల్ ఆగింది, ఈ లింక్‌లో కొద్దిగా కట్టండి" అని మెసేజ్ వస్తుంది. కట్టేది చిన్న మొత్తమే, వాళ్లకు కావలసింది మీ కార్డు వివరాలు. ఆర్డర్ నిజంగా ఆగిందో లేదో యాప్ తెరిచి చూసుకోండి. మీ పేరు, ఆర్డర్ వివరాలు గడగడా చెప్పాడని ఎవరినీ నమ్మకండి. పారేసిన అట్టపెట్టె మీది చీటీలో అవన్నీ ఉంటాయి. చీటీ చింపి పారేయండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. చీటీ, టేపు కనిపించాలి, మధ్యలో ఆపకూడదు. ఆపితే వస్తువు మీరే మార్చారంటారు.

డెలివరీ ఓటీపీ పార్సిల్ చేతికి రాకముందు చెప్పొద్దు. బిల్లు, డబ్బు కట్టిన రసీదు స్క్రీన్‌షాట్ తీసి దాచండి. వెనక్కి పంపినప్పుడు ఇచ్చిన రసీదు కూడా. కార్డు వివరాలు ఏ యాప్‌లోనూ దాచొద్దు. ఫోన్‌లో ఎవరు చెప్పినా కొత్త యాప్ వేయొద్దు. నంబరు బయట వెతకొద్దు, మళ్లీ చెబుతున్నాను.

డబ్బు పోయిందా? వెంటనే నెట్ ఆపేయండి. ఇంకో ఫోన్‌తో, కార్డు వెనక ఉన్న నంబరుకే చేసి ఖాతా ఆపించండి. తర్వాత పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. ఇంట్లో తిడతారని ఆ మెసేజ్‌లు, కాల్ వివరాలు చెరిపేయకండి. ఆవిడ అదే చేశారు.