నెలనెలా ఆర్‌డి కడితే చివరికి చేతికెంత వస్తుంది? మన లెక్క మనమే వేసుకోవడం ఎలా

పర్లాకిమిడిలో మా వీధిలో నెలనెలా ఆర్‌డి కట్టని ఇల్లు అరుదు. అమ్మాయి చదువుకనో, ఇంటి రేకులు మార్చడానికనో వెయ్యో రెండు వేలో పోస్టాఫీసులో వేస్తుంటారు. అయిదేళ్లకి ఎంత వస్తుందో మాత్రం ఎవరికి వారే ఒక అంకె ఊహించుకుంటారు. ఆ అంకెని నమ్ముకుని ముందే ఖర్చు ఒప్పుకుంటారు.

ఇడ్లీ కొట్టు నడిపే పక్కింటి పిన్నిగారు మొన్న కాగితం పట్టుకొచ్చారు. "నెలకి వెయ్యి చొప్పున అరవై నెలలు, అంటే అరవై వేలు. ఏడాదికి 6.7 వడ్డీ, అయిదేళ్లు. ఎనభై మూడు వేల ఆరు వందలు వస్తాయి కదా బాబూ?" అన్నారు. రావు. 71,366 వస్తాయి. మొత్తం అరవై వేలూ మొదటి రోజే వేసేస్తే ఆవిడ చెప్పిన అంకె సరిపోయేది. ఆవిడ మొదటి రోజు వేసేది వెయ్యి మాత్రమే. చివరి వెయ్యికి దొరికేది ఒక్క నెల వడ్డీ. ఈ తేడాని లెక్కలోకి తెచ్చే సూత్రం ఉంది. వాడడం కష్టం కాదు, కానీ ఒక్క చోట మాత్రం అందరూ జారిపోతున్నారు. అక్కడ ఆగి వివరంగా చెబుతాను.

కావలసినవి: ఒక కాగితం, పెన్ను, ఫోనులో కాలిక్యులేటరు. చాలా ఫోన్లలో కాలిక్యులేటరు తెరిచి ఫోను అడ్డంగా తిప్పితే ఘాతాల బటన్ కనిపిస్తుంది. నెట్‌లో దొరికే ఆర్‌డి కాలిక్యులేటర్లు వాడకండి. వడ్డీని ఎన్ని నెలలకోసారి కలుపుతుందో, డబ్బు నెల మొదట్లో వేసినట్టా చివర్లో వేసినట్టా అన్నది వాటిలో చాలావరకు చెప్పనే చెప్పవు. ఒకే వెయ్యికి రెండు చోట్ల రెండు అంకెలు చూపిస్తే దేన్ని నమ్ముతారు? కాగితం మీద వేసుకున్న లెక్కలో ఏ మెట్టు దగ్గర ఏం చేశామో కళ్లకి కనిపిస్తుంది.

అంకెలు రాసుకోండి

నెల వాయిదా 1,000. వాయిదాలు 60. వడ్డీ ఏడాదికి 6.7 శాతం. పోస్టాఫీసు ఆర్‌డికి ఈ రేటు 2023 అక్టోబరు నుంచి వచ్చింది. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేట్లు ప్రకటిస్తుంది కాబట్టి మీరు ఖాతా తెరిచే రోజు ఎంత ఉందో కౌంటర్లో అడిగి అదే రాసుకోండి. తెరిచిన రోజున్న రేటే అయిదేళ్లూ నడుస్తుంది.

నెల వడ్డీ తియ్యండి

ఇక్కడ కొందరు 6.7ని 12తో భాగించి ముందుకెళ్లిపోతారు. అలా చేయకూడదు. పోస్టాఫీసు వడ్డీని అసలుతో కలిపేది మూడు నెలలకోసారి. కాబట్టి ముందు మూడు నెలల వడ్డీ తియ్యాలి: 6.7ని 4తో భాగిస్తే 1.675 శాతం. అంటే మూడు నెలల్లో ఒక రూపాయి 1.01675 అవుతుంది. నెలకి ఎంత అవుతుందో కావాలంటే దానికి ఘనమూలం తియ్యాలి.

```
1.01675^(1/3) = 1.0055524
r = 0.0055524
```

ఈ `r` అంకెని కుదించకండి. దశాంశ బిందువు తర్వాత ఏడు అంకెలైనా ఉంచండి. "0.0056 అనుకుందాం" అని కుదించి కింది భాగహారంలో పెట్టారంటే జవాబు దాదాపు ఆరు వందల రూపాయలు తగ్గిపోతుంది.

సూత్రంలో పెట్టండి

```
FV = P × ((1 + r)^n - 1) / r
```

`FV` చివరికి కూడే మొత్తం, `P` నెల వాయిదా, `n` వాయిదాల సంఖ్య. మూడు నెలలకోసారి వడ్డీ కలిసే ఖాతాలో అరవై నెలలంటే ఇరవై సార్లు కలిసినట్టు. అందుకే `(1 + r)^60` బదులు `1.01675^20` అని కొట్టండి, సులువు. 1.394067 వస్తుంది. ఒకటి తీసేస్తే 0.394067. దాన్ని 0.0055524తో భాగిస్తే 70.972. వెయ్యితో హెచ్చిస్తే 70,972 రూపాయలు.

చాలామంది ఇక్కడే లెక్క అయిపోయిందని పెన్ను మూసేస్తారు. ఇంకా అవలేదు.

ఆ అంకె ఏ రోజుది?

అందరూ జారిపోతున్నారని మొదట్లో అన్నది ఈ మెట్టు గురించే. నిదానంగా చదవండి.

ఈ సూత్రాన్ని కామర్స్ పుస్తకాల్లో ఆర్డినరీ యాన్యుటీ అంటారు. ప్రతి వాయిదా ఆ నెల చివర్లో పడుతుందని దాని లెక్క. అంటే అది చూపించే మొత్తం సరిగ్గా చివరి వాయిదా కట్టిన రోజు నాటిది. ఆ రోజు వేసిన వెయ్యికి వడ్డీ సున్నా. దాని ముందు నెల వెయ్యికి ఒక నెల వడ్డీ. అలా వెనక్కి లెక్కపెట్టుకుంటూ వెళ్తే మొట్టమొదటి వెయ్యికి 59 నెలల వడ్డీయే, 60 కాదు.

పోస్టాఫీసు మీకు డబ్బిచ్చేది ఆ రోజు కాదు. తేదీలు వేసి చూడండి. 2026 జనవరి 10న ఖాతా తెరిచారు, మొదటి వెయ్యి ఆ రోజే పడింది. అరవయ్యో వాయిదా 2030 డిసెంబరులో పడుతుంది. ఖాతాకి అయిదేళ్లు నిండేది మాత్రం 2031 జనవరి 10న. మధ్యలో ఇంకో నెల ఉంది. ఆ నెలలో మొత్తం డబ్బుకీ వడ్డీ నడుస్తుంది. కాబట్టి సూత్రం ఇచ్చిన అంకెని ఇంకొక్కసారి నెల వడ్డీతో పెంచాలి.

```
70,972 × 1.0055524 = 71,366
```

తేడా 394 రూపాయలు. ఈ 394 ఎక్కడిదో తెలిస్తే ఈ మెట్టు మళ్లీ మరిచిపోరు. డిసెంబరు నాటి జాబితాలో వడ్డీ లేని ఒక వెయ్యి ఉంది, చివరి వాయిదా అదే. ఒక నెల గడిచేసరికి ప్రతి వాయిదా ఒక మెట్టు పైకి జరుగుతుంది. అడుగున వడ్డీ లేని వెయ్యి పోయి, పైన అరవై నెలలు నిండిన వెయ్యి, అంటే 1,394 చేరుతుంది. మిగతా మెట్లన్నీ అవే. అంటే మీరు మరిచిపోయేది ఒక వాయిదాకి రావలసిన అయిదేళ్ల వడ్డీ మొత్తం.

దీన్ని సరిచేయబోయి కొందరు ఇంకో తప్పు చేస్తారు. ఒక నెల ఎక్కువ కదా అని `n` దగ్గర 60 బదులు 61 వేస్తారు. అప్పుడు 72,366 వస్తుంది. సరైన అంకె కంటే సరిగ్గా వెయ్యి ఎక్కువ. మీరు కట్టని అరవై ఒకటో వాయిదాని కూడా సూత్రం కలిపేసింది. వాయిదాలు అరవయ్యే. పెరిగింది నెల, వాయిదా కాదు.

మరి చివరి హెచ్చవేత ఎప్పుడు అక్కర్లేదు? డబ్బు కావలసింది సరిగ్గా చివరి వాయిదా కట్టే రోజే అయితే అక్కర్లేదు. ఉదాహరణకి జీతం నెలాఖరున పడుతుంది, ఆ రోజే కొంత పక్కన వేస్తున్నారు, చివరి జీతం రోజున ఎంత కూడి ఉంటుందో తెలియాలి. అలాంటప్పుడు సూత్రం ఇచ్చిన అంకెనే తీసుకోండి. అందుకే లెక్క మొదలుపెట్టే ముందే కాగితం పైన రెండు తేదీలు రాయమంటాను: చివరి వాయిదా తేదీ, డబ్బు చేతికొచ్చే తేదీ. రెండూ ఒకటైతే హెచ్చవేత లేదు. నెల తేడా ఉంటే ఉంది. ఈ రెండు తేదీలు లేని కాగితం నేను చూడను, తిరిగి ఇచ్చేస్తాను.

ఎక్సెల్‌లో వేసేవాళ్లకీ ఇదే గొడవ. అందరూ కొట్టేది ఇది:

```
=FV(0.067/12, 60, -1000)
```

దీనికి 71,040 వస్తుంది. ఇందులో తప్పులు రెండు. 12తో భాగించడం వల్ల కొంచెం పెరిగింది, చివరి నెల వదిలేయడం వల్ల ఇంకా ఎక్కువ తగ్గింది. ఒకదాన్ని ఇంకొకటి కొంత కప్పేయడంతో అంకె చూడడానికి నమ్మేలా ఉంటుంది. ఇలా కొట్టాలి:

```
=FV((1+0.067/4)^(1/3)-1, 60, -1000, 0, 1)
```

ఆఖరున ఉన్న `1` వాయిదా నెల మొదట్లో పడిందని చెబుతుంది. అక్కడ ఏమీ పెట్టకపోతే ఎక్సెల్ దాన్ని `0` అనుకుని నెల చివరి లెక్క వేస్తుంది.

జవాబు సరిచూసుకోండి

మొదటి వెయ్యి అరవై నెలలు ఉంటుంది, చివరిది ఒక నెల. సగటున ఒక్కో వెయ్యి రెండున్నరేళ్లు ఉన్నట్టు. అరవై వేలకి 6.7 శాతం చొప్పున రెండున్నరేళ్ల మామూలు వడ్డీ 10,050. మనకి వచ్చిన వడ్డీ 11,366. చక్రవడ్డీ కాబట్టి దానికి కొంచెం పైన ఉంది, ఉండాల్సిందే. పిన్నిగారి లెక్కలో వడ్డీ 23,600, రెట్టింపు దాటిపోయింది. అలా దాటితే మొత్తం డబ్బూ మొదటి రోజే వేసినట్టు లెక్కకట్టారని అర్థం. 10,050 కంటే తక్కువ వస్తే ఎక్కడో భాగహారం తప్పింది.

ఈ లెక్క ప్రతి వాయిదా గడువులోపు పడితేనే నిలుస్తుంది. ఖాతా నెలలో 15వ తేదీలోపు తెరిస్తే ప్రతి నెలా 15లోపు, ఆ తర్వాత తెరిస్తే నెల చివరి పనిదినంలోపు కట్టాలి. తప్పితే నూటికి నెలకి రూపాయి చొప్పున రుసుము. ఏజెంటు చేతికి మీరు ఎప్పుడు ఇచ్చారన్నది కాదు, పోస్టాఫీసులో ఎప్పుడు పడిందన్నదే లెక్క. పాస్‌బుక్‌లో తేదీ చూసుకోండి. మూడేళ్ల తర్వాత మధ్యలో మూసేస్తే ఇచ్చేది సేవింగ్స్ ఖాతా వడ్డీ మాత్రమే కాబట్టి పైన వేసిన అంకెలేవీ వర్తించవు.

వెనక నుంచి లెక్క

పిన్నిగారికి నిజానికి కావలసింది లక్ష రూపాయలు. అప్పుడు లెక్క తిరగేయాలి. వెయ్యికి 71,366 అంటే రూపాయికి 71.366. లక్షని దానితో భాగిస్తే 1,401 రూపాయల చిల్లర. పోస్టాఫీసు పదుల లెక్కనే వాయిదా తీసుకుంటుంది. 1,400 కడితే 99,912 వస్తుంది, ఎనభై ఎనిమిది రూపాయలు తక్కువ. 1,410 కడితే 1,00,626. ఆవిడ చేత 1,410 అని రాయించాను.