నలుపు పోతోందన్న ఫిర్యాదు: వెండి చెవి రింగుల వివరణ ఇలా మార్చాను

"రాచఠీవి ఉట్టిపడే అపురూపమైన నలుపు" అన్న పాత వాక్యం చదివినవాళ్లు ఆ నలుపు శాశ్వతమనుకున్నారు. రుద్దితే పోతోందని ఫిర్యాదులొచ్చాయి. దాన్ని తీసేసి ఇలా రాశాను:

"925 వెండి, అంటే 92.5 శాతం వెండి, మిగతాది రాగి. 1.5 మి.మీ. తీగను 25 మి.మీ. రింగుగా వంచి, అతికించి, సుత్తితో చదును చేశాం. చెవి కొక్కేలు మాత్రం రెడీమేడ్, అవీ 925 వెండే. కొక్కెంతో కలిపి ఒక్కోటి సుమారు 1.7 గ్రాములు. ఈ నలుపు పూసిన రంగు కాదు. గంధకపు ద్రావణంలో ముంచితే వెండిపై ఏర్పడే పలుచని సల్ఫైడ్ పొర. ఎత్తయిన చోట్ల వాడకంతో తెల్లబడుతుంది, సుత్తి గుంటల్లో నిలుస్తుంది. వెండి శుభ్రపరిచే ద్రావణంలో ముంచవద్దు, నలుపంతా పోతుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు."

కొక్కేల సంగతి దాచకూడదు. మొత్తం చేత్తోనే చేశామని రాస్తే అది అబద్ధమే. ఫొటోల్లో ఒకటి కొత్తది, ఇంకొకటి కొన్నాళ్లు వాడినది పక్కపక్కనే పెట్టాను. ఏ మేరకు తెల్లబడుతుందో మాటల్లో చెప్పడం కష్టం.